శాలువా కప్పే ముందు ఒక్క కథ: ఛారిటీ డిన్నర్‌లో పాత వాలంటీర్‌ని ఎలా సన్మానించాలి

కొన్నేళ్ల కిందట మా సంస్థ ఏటా పెట్టే ఛారిటీ డిన్నర్‌లో, పదకొండేళ్లుగా మాతో ఉన్న ఒకావిడకి సన్మానం చేశాం. సన్మానపత్రం రాసిందీ చదివిందీ నేనే. "నిస్వార్థ సేవాతత్పరురాలు, మృదుభాషిణి, అలుపెరుగని సేవామూర్తి" అంటూ ఒకటిన్నర పేజీ సాగింది. సగంలోకి వచ్చేసరికి వెనక టేబుళ్ల నుంచి స్పూన్ల చప్పుడు మొదలైంది. స్టేజీ దిగాక ఒక దాత నా చెయ్యి పట్టుకుని, "బాగా చదివారండీ. ఇంతకీ ఆవిడ మీ దగ్గర ఏం చేస్తారు?" అని అడిగాడు. ఆయన వెటకారానికి అనలేదు. ఒకటిన్నర పేజీలో నేను నిజంగానే ఆ ఒక్క సంగతీ చెప్పలేదు.

2024లో, మా ఆఫీసులో రక్తదాతలకి ఫోన్లు చేసే మాస్టారి వంతు వచ్చింది. ఈసారి విశేషణాలన్నీ పక్కన పెట్టి ఒకే ఒక్క కథ చెప్పాం. మొత్తం మూడు నిమిషాలు. దాన్ని ఎలా వెతికామో, ఎలా రాశామో, స్టేజీ మీద ఏం చేశామో, ఎక్కడ దొరికిపోయామో వరసగా చెబుతాను. మీకూ ఇలాంటి బాధ్యత పడితే ఇందులో పనికొచ్చేది తీసుకోండి.

ముందు రెండు ముక్కలు మా పని గురించి. మాది తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్న పిల్లలకి రక్తం సమకూర్చే చిన్న సంస్థ, హైదరాబాద్‌లో. ఆ జబ్బు తీవ్రంగా, అంటే తలసేమియా మేజర్‌గా ఉన్న బిడ్డకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కసారితో తీరేది కాదు, ఏళ్ల తరబడి. ఇచ్చేవాళ్ళేమో ఒకసారి ఇస్తే మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి. అంటే ఒక్కో బిడ్డ వెనక కొంతమంది దాతలు వంతులవారీగా ఉండాలి. ఎవరి వంతు ఎప్పుడో చూసుకుని, ఫోన్ చేసి, బతిమాలి రప్పించే పని మాస్టారిది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. 2007 నుంచి రోజూ పొద్దున పదింటికి వచ్చి మా ఆఫీసు ఫోన్ పక్కన కూర్చుంటారు.

కథ ఎవరి దగ్గర దొరుకుతుంది

డిన్నర్‌కి కనీసం నాలుగు వారాల ముందు మొదలుపెట్టండి. కథ వెతకడానికే రెండు వారాలు పోతాయి.

సన్మానం అందుకునే మనిషిని అడిగితే ఏమీ రాదు. "నేనేం చేశాను బాబూ, ఫోన్లేగా" అంటారు. కమిటీ వాళ్ళని అడిగితే మళ్ళీ విశేషణాలే వస్తాయి. "చాలా డెడికేటెడ్ అండీ", "దేవుడులాంటి మనిషి". వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నెలకోసారి మీటింగులో చూసే మనిషి గురించి ఎవరైనా అంతకన్నా చెప్పలేరు. పక్కన ఉండి చూసినవాళ్ళు కావాలి. మేం ఆరుగురితో మాట్లాడాం: ఆఫీసు అటెండర్, బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్, ఇద్దరు దాతలు, ఒక పాప తల్లి, మాస్టారి ఇంటావిడ. ఒక్కొక్కరితో పావుగంట, ఫోన్లోనే.

ప్రశ్న ఎలా అడిగారన్నదాని మీదే అంతా ఉంది. "మాస్టారు ఎలాంటివారు?" అని అడిగితే జవాబు విశేషణంలోనే వస్తుంది. దానికి బదులు నేను మూడు ప్రశ్నలు పట్టుకున్నాను. ఆయన రాని రోజు ఆఫీసులో ఏం తేడా వచ్చింది? ఆయనకి కోపం రావడం ఎప్పుడైనా చూశారా? పని చెడిపోయిన రోజు ఏదైనా గుర్తుందా? ఎవరైనా మళ్ళీ "చాలా ఓపిక అండీ" అంటే, "ఎప్పుడు చూశారా ఓపిక? అప్పుడు ఆయన ఎక్కడ కూర్చుని ఉన్నారు?" అని అక్కడే ఆపాను. కాస్త పోలీసు విచారణలా ఉంటుంది, ఏమీ అనుకోరు.

మూడో ప్రశ్నకే అసలు సరుకు దొరికింది. టెక్నీషియన్ కాసేపు ఆలోచించి, "ఒకసారి దాతని తీసుకొచ్చారు, మేం వెనక్కి పంపేశాం. ఆ రోజు మాస్టారిని చూడాల్సింది" అన్నాడు.

మూడు కథల్లో ఏది

రెండు వారాలయ్యేసరికి చేతిలో మూడున్నాయి. ఒకటి, పదిహేడేళ్లలో ఆయన పెట్టిన సెలవులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని అటెండర్ చెప్పిన సంగతి. గొప్ప విషయమే గానీ అది కథ కాదు, లెక్క. వినేవాళ్ళ కళ్ళ ముందు ఏమీ కదలదు.

రెండోది, అర్ధరాత్రి ఫోన్ చేసి ఒక బాబుకి రక్తం ఏర్పాటు చేసిన ఉదంతం. కమిటీలో అందరి ఓటూ దీనికే. "ప్రాణం కాపాడారు" అని ముగించొచ్చు, హాలు చప్పట్లతో మోగిపోతుంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా పనిలో ఒక్క రాత్రితో ప్రాణం కాపాడేయడం అంటూ ఉండదు. ఆ బాబుకి మూడు వారాలకి మళ్ళీ రక్తం కావాలి, ఆ పై మూడు వారాలకి మళ్ళీ. ఒక్క సాహసం చెబితే మాస్టారు అసలు చేసే పని, అంటే మళ్ళీ మళ్ళీ చేయడం, కనబడకుండా పోతుంది. పైగా అలాంటి కథలో అందరి చూపూ బిడ్డ మీదకి పోతుంది. సన్మానం ఆయనకి.

మూడోది వెనక్కి పంపేసిన దాత కథ. ఇందులో అనుకున్న పని కాలేదు. అందుకే ఇది తీసుకున్నాను. పని సవ్యంగా జరిగిన రోజు అందరూ మంచివాళ్ళే. చెడిపోయిన రోజు ఆ మనిషి ఏం చేశాడన్నది చూస్తే, మిగతా రోజుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మీరు వెతికేటప్పుడు కూడా ఒక చోటు, ఒక పూట, చేత్తో పట్టుకోగల ఒక వస్తువు, ఆ మనిషి వేరేలా చేసి ఉండొచ్చు గానీ చేయని ఒక క్షణం ఉన్నాయేమో చూడండి. ఈ నాలుగూ ఉంటే కథ నిలబడుతుంది. మా కథలో వస్తువు ఒక స్టీలు టిఫిన్ డబ్బా.

నిజమేనా అని చూసుకోవడం, అడగడం

కథ దొరికిన ఆనందంలో నేను ఆ రాత్రే మొదటి చిత్తు రాసేశాను. అందులో సాయంత్రం ఇంకో దాత వచ్చి రక్తం ఇచ్చారు, గంటలో పాపకి ఎక్కించారు అని రాశాను. టెక్నీషియన్‌కి చదివి వినిపిస్తే నవ్వాడు. తీసిన రక్తాన్ని అలా ఎక్కించెయ్యరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా, ఈ అయిదూ లేవని పరీక్ష చేశాకే బయటికి ఇస్తారు. కాబట్టి ఎక్కించింది మర్నాడు. డిన్నర్‌కి వచ్చేవాళ్ళలో నలుగురైదుగురు డాక్టర్లు ఉంటారు. ఆ ఒక్క తప్పు వినగానే వాళ్ళకి మిగతాదంతా కల్పనలాగే వినబడేది.

తారీఖులు మనుషుల జ్ఞాపకం నుంచి తీసుకోకండి, కాగితం మీద ఉన్నవి చూడండి. టెక్నీషియన్ 2015 అన్నాడు, దాత 2017 అన్నాడు. మాస్టారి నోట్‌బుక్‌లో 2016 మే అని ఉంది. హిమోగ్లోబిన్ తక్కువుందని వెనక్కి పంపేసిన ఆ కుర్రాడి పేరు ఎదురుగా ఎర్ర సిరాతో చిన్న అక్షరాల్లో "12.1. ఆగస్టు. మధ్యాహ్నం 2 తర్వాతే ఫోన్" అని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యంలో మాస్టారు మొత్తం ఉన్నారనిపించింది నాకు.

తర్వాత అనుమతులు. కథలో వచ్చే ప్రతి మనిషినీ అడగాలి. పాప తల్లి, "చెప్పండి గానీ పేరు వద్దు సార్, రేపు పెళ్లి కావాల్సిన పిల్ల" అంది. అందుకని పేరు, వయసు, ఏరియా, బడి అన్నీ తీసేశాం. ఉత్త "ఒక పాప". దాతనీ అడిగాం. తన హిమోగ్లోబిన్ తక్కువైందని అయిదొందల మంది ముందు చెప్పడం చిన్న విషయం కాదు. అతను నవ్వేసి ఒప్పుకున్నాడు గానీ స్టేజీ మీదకి మాత్రం రానన్నాడు. కమిటీలో ఒకరు, "ఆఖర్న అతన్ని పైకి పిలిస్తే అదిరిపోతుంది" అని రెండుసార్లు పోరారు. పిలవలేదు. అతను నాలుగో టేబుల్లో కూర్చుని భోంచేసి వెళ్ళాడు.

మాస్టారికి అవార్డు ఇస్తున్నామని ముందే చెప్పాం. డెబ్బై దాటిన మనిషిని, బీపీ మాత్రలు వేసుకునే మనిషిని, సర్‌ప్రైజ్ పేరుతో అందరి ముందూ నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. కథ ఏదో మాత్రం చెప్పలేదు. ఆయన ఇంటావిడకి మొత్తం చదివి వినిపించి, ఇందులో ఆయనకి ఇబ్బంది కలిగించేది ఏదైనా ఉందా అని అడిగాను. "ఏం లేదు నాయనా. ఆ రోజు ఇంటికొచ్చి నాలుగు చపాతీలు తిన్నారు, ఎందుకో ఇప్పుడు తెలిసింది" అన్నారావిడ.

రాసిన తీరు

స్టేజీ మీద నేను తెలుగు చదివే వేగం నిమిషానికి తొంభై, నూరు మాటలు. మీది కూడా ఒకసారి ఫోన్లో రికార్డు చేసి లెక్కపెట్టుకోండి. మూడు నిమిషాలంటే మూడు వందల మాటలకి లోపే ఉండాలి, మధ్యలో ఆగే చోట్లు కలుపుకుని. చివరికి చదివింది ఇది:

"2016 మే నెల. మధ్యాహ్నం పన్నెండున్నర. మా ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. ఒక పాపకి ఓ నెగటివ్ రక్తం కావాలి. ఇవాళ ఎవరో ఒకరు ఇస్తేనే పరీక్షలన్నీ అయ్యి రేపటికి అందుతుంది. కాలేజీలకి సెలవులు. ఫోన్ ఎత్తినవాళ్ళు ఊళ్ళో లేరు. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఈమధ్యే ఇచ్చారు.

పంతొమ్మిదో నంబరుకి ఒక కుర్రాడు 'వస్తాను సార్' అన్నాడు. నాచారంలో ఫ్యాక్టరీ పని. నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాడు లేచి, ఎండలో రెండు బస్సులు మారి వచ్చాడు. రాగానే అడిగిన మొదటి మాట, 'అన్నం తిన్నావా?' తినలేదు. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు. అక్కడ బల్ల మీద ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. అందులో పెరుగన్నం, ఆవకాయ బద్ద. కుర్రాడు తిన్నాడు. ఆ డబ్బా ఎవరిదో, వాళ్ళకి ఆ పూట భోజనం లేదు.

ఇద్దరూ ఆటోలో బ్లడ్ బ్యాంకుకి వెళ్ళారు. వేలి మీద గుచ్చి చూశారు. హిమోగ్లోబిన్ 12.1. ఉండాల్సింది 12.5. 'తీసుకోలేం' అన్నారు.

కుర్రాడు తల దించుకుని, 'సారీ సార్, మీ అన్నం కూడా తినేశాను' అన్నాడు.

బయట పాప తల్లి కూర్చుని ఉంది. టైము రెండున్నర. ఇంకా ఎవరూ దొరకలేదు. అప్పుడు కూడా ఆ కుర్రాణ్ణి బస్టాపు దాకా నడిపించుకుని వెళ్ళారు. సోడా ఇప్పించారు. బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడి, 'ఒకసారి డాక్టరుకి చూపించుకో. ఆగస్టులో నేనే ఫోన్ చేస్తా' అన్నారు. బస్సు కదిలాక వెనక్కి వచ్చి ఇరవయ్యో నంబరు తిప్పారు.

సాయంత్రం ఆరింటికి ఇరవై ఏడో నంబరాయన వచ్చి రక్తం ఇచ్చారు. మర్నాడు పాపకి ఎక్కించారు.

ఆగస్టులో నాచారానికి ఫోన్ వెళ్ళింది, మధ్యాహ్నం రెండు దాటాక. ఆ కుర్రాడు వచ్చాడు. ఇప్పటికి ఇరవై రెండుసార్లు ఇచ్చాడు.

మా ఆఫీసు బీరువాలో పదకొండు లాంగ్ నోట్‌బుక్కులున్నాయి. అన్నిట్లో ఒకటే దస్తూరీ. ఎవరిది నైట్ షిఫ్టు, ఎవరింట్లో పరీక్షలు, ఎవరికి ఏ నెలలో ఫోన్ చెయ్యాలి. 2007 నుంచి ఇవాళ్టి దాకా.

ఆ టిఫిన్ డబ్బా మా లెక్కల మాస్టారిది."

ఆ తర్వాత ఇంటిపేరుతో సహా ఆయన పూర్తి పేరు, చివర్న గారు. అంతే. పేరు తర్వాత ఒక్క మాట కూడా పెట్టకండి. పేరు వినగానే చప్పట్లు మొదలవుతాయి. దాని వెనక ఇంకో వాక్యం ఉంటే అది చప్పట్లలో కొట్టుకుపోతుంది, లేదా చప్పట్లే ఆగిపోతాయి. రెండోది ఇంకా ఘోరం.

ఇందులో "సేవ" అన్న మాట లేదు చూడండి. ఆయన పుట్టిన ఊరు, పనిచేసిన స్కూళ్ళు, అంతకుముందు వచ్చిన బహుమతులు కూడా లేవు. అవి కావాలనుకునేవాళ్ళ కోసం సావనీర్‌లో అర పేజీ వేశాం. పదిహేడేళ్ల సంగతి చెప్పింది నోట్‌బుక్కులున్న ఆ నాలుగైదు వాక్యాలే. ఒక్క పూట జరిగిన కథని ఇన్నేళ్ల పనికి ముడివేసే ముక్క అది. అది లేకపోతే "ఎప్పుడో ఒకసారి మంచిపని చేశాడు" అన్నట్టుంటుంది. ముందే పెడితే మళ్ళీ లెక్కల చిట్టా అయిపోతుంది. కథ అయ్యాక, పేరుకి ముందు, అదీ దాని చోటు.

పేరు చివరిదాకా దాచాలంటే స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో ఉండకూడదు. మాకు ఇది ఆఖరి నిమిషంలో తట్టింది. ప్రింటింగ్‌కి వెళ్ళిన ఫ్లెక్సీ ఆపించి సంస్థ పేరుతో సరిపెట్టాం. యాంకర్‌కి కూడా "ఇప్పుడు ఈ ఏటి అవార్డు" అని మాత్రమే అనమని చెప్పండి. అలాగని పూర్తిగా రహస్యంగా ఏమీ ఉండదు. మా ఆఫీసు వాళ్ళ టేబుల్‌కి డబ్బా దగ్గరే తెలిసిపోయింది. వాళ్ళ ముసిముసి నవ్వులు చూసి పక్క టేబుళ్ల వాళ్ళు చెవులు రిక్కించారు, అదీ మంచికే అయింది.

కాగితం మీద పెద్ద అక్షరాల్లో, ఒకవైపే ప్రింట్ తీసుకోండి. ఫోన్లో చూసి చదవకండి, సరిగ్గా అప్పుడే ఎవరో కాల్ చేస్తారు. నవ్వు వచ్చే చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. "మీ అన్నం కూడా తినేశాను" దగ్గర నవ్వొస్తుందని నేను ఊహించలేదు. టెన్షన్‌లో ఆగకుండా వెళ్ళిపోయాను, "బయట పాప తల్లి కూర్చుని ఉంది" అన్న వాక్యం సగం మందికి వినబడలేదు.

ఆ సాయంత్రం

కార్డులో ఏడు గంటలని వేస్తాం, జనం ఏడున్నరకి గానీ రారు, ఎనిమిదికి గానీ కూర్చోరు. స్టార్టర్లు ఒక విడత తిరిగాక, బఫే మూతలు తెరవకముందు, అంటే ఎనిమిదిన్నర ప్రాంతంలో అవార్డు పెట్టుకోండి. బిర్యానీ వాసన హాల్లోకి వచ్చాక ఎంత మంచి కథయినా దాని ముందు నిలవదు. బాంక్వెట్ మేనేజర్‌తో ముందురోజే మాట్లాడి, ఆ పది నిమిషాలూ వడ్డన ఆపమని, మూతలు తియ్యొద్దని, ప్లేట్లు సర్దొద్దని చెప్పాలి. నోటిమాటగా చెబితే ఆ రోజు డ్యూటీలో వేరే మనిషి ఉంటాడు. వాట్సాప్‌లో పెట్టండి.

విరాళాల విజ్ఞప్తి దీనికి అతికించకండి. కథ అవగానే "కాబట్టి మీరందరూ ఉదారంగా" అని మొదలుపెడితే మాస్టారు ఎరలా అయిపోతారు. మేం భోజనాలు సగమయ్యాక, వేరే మనిషితో చెప్పించాం.

ముఖ్య అతిథికి శాలువా ఇవ్వండి, మైకు ఇవ్వకండి. ఆయన మాట్లాడే సమయం వేరేగా, ముందే అయిపోయి ఉండాలి. కథ అయ్యి, హాలు ఒక రకమైన నిశ్శబ్దంలో ఉన్నప్పుడు ఇంకొకరు మైకు అందుకుని "మాస్టారిలాంటి మహానుభావులు" అన్నారంటే మన శ్రమ వృథా. మా అతిథి మంచివారు, ముందే చెబితే నవ్వి ఒప్పుకున్నారు.

ఆ అయిదు నిమిషాల వరస కాగితం మీద రాసి నలుగురికి ఇచ్చాం. పేరు పిలవగానే ఒక వాలంటీర్ మాస్టారి కుర్చీ దగ్గర ఉంటాడు. మా స్టేజీకి మూడు మెట్లు, పట్టుకోడానికి రెయిలింగు లేదు, ఆయనకేమో మోకాళ్ల నొప్పులు. ఇంటావిడని కూడా అప్పుడే పైకి పిలవాలి, ఫోటో టైములో గుర్తొచ్చి కేకలు పెట్టడం కాదు. పైన ఒక కుర్చీ. కూర్చోబెట్టి ముందు శాలువా, తర్వాత నిలబెట్టి మెమెంటో. పూలగుచ్ఛం ఇంటావిడ చేతికి. చదివే మనిషి స్టాండు మైకు దగ్గరే ఉండాలి. చేతి మైకు పట్టుకుని శాలువాకి సాయం చేయబోతే అది మెడలో ఇరుక్కుంటుంది, స్పీకర్లు కీచుమంటాయి. ఫోటోగ్రాఫర్‌ని స్టేజీ పక్కన నిలబడమనండి. ఎదురుగా నిలబడితే ముందు టేబుళ్లకి అతని వీపు తప్ప ఏమీ కనబడదు. ఫోటోలు రెండు చాలు. కమిటీ అంతా కలిసి దిగే ఫోటో భోజనాలయ్యాక పెట్టుకోవచ్చు.

మెమెంటో సంగతి ఒకటి చెప్పాలి. షాపువాడు బరువైన గాజుది చూపిస్తాడు, చేతిలో బావుంటుంది. డెబ్బై దాటిన మనిషి రెండు చేతులూ దానికే పెట్టి, నమస్కారం పెట్టలేక అవస్థ పడతాడు. తేలికైనది తీసుకోండి. దాని మీద రాసే పేరు, ఇనిషియల్స్ ఇంటివాళ్ళు రాసే స్పెల్లింగ్‌తో సరిచూసి, ప్రింటుకి ముందు ఫోటో తెప్పించుకుని చూడండి. మేం పేరు కింద "రక్తదాతలకి ఫోన్లు, 2007–2024" అని మాత్రమే చెక్కించాం. షాపువాడు రెండుసార్లు అడిగాడు, "ఇంతేనా సార్, ఇంగ్లీషులో ఏం వద్దా?" అని.

ఆయన మాట్లాడతారా

ముందే అడగండి. మాట్లాడకపోయినా పర్లేదని కూడా చెప్పండి. చాలామంది పాత వాలంటీర్లకి మైకంటే భయం, దాని దిగులుతో ఆ సాయంత్రమంతా అన్నం సహించదు. మాస్టారు "ఒక నిమిషం మాట్లాడతాను" అన్నారు. నలభై ఏళ్లు క్లాసులో మాట్లాడిన గొంతు కదా, మైకు దూరంగా పెట్టినా వినబడింది.

మైకు అందుకుని హాలంతా ఒకసారి చూసి, మొదటి మాటగా "అది ఆవకాయ కాదండీ, మాగాయ" అన్నారు.

తారీఖు చూసుకున్నాం, హిమోగ్లోబిన్ అంకె చూసుకున్నాం, పరీక్షల సంగతి చూసుకున్నాం. ఊరగాయ ఎవరినీ అడగలేదు. టెక్నీషియన్ "ఏదో పచ్చడి" అంటే నేనే ఆవకాయ చేశాను. హాలు రెండు నిమిషాలు నవ్వింది. ఆయన ఆ తర్వాత ఇరవై ఏడో నంబరాయన గురించి చెప్పారు, నేను ఒక్క వాక్యంలో తేల్చేసిన మనిషి గురించి. ఆ రోజు ఆయన కూతురి నిశ్చితార్థమట. మధ్యలో వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళారట. ఆ సంగతి నాకు తెలిసుంటే కథ ఎలా రాసేవాణ్ణో తెలియదు. కానీ అది మాస్టారి నోటి నుంచి రావడమే బావుంది. కాబట్టి అందుకునే మనిషి సరిదిద్దితే కంగారుపడి మైకులో సంజాయిషీలు ఇవ్వకండి. నవ్వి పక్కకి తప్పుకోండి.

డిన్నర్ అయ్యాక

చదివిన కాగితాన్ని, ఊరగాయ దిద్ది, పెద్ద అక్షరాల్లో మళ్ళీ ప్రింట్ తీసి మర్నాడు ఇంటికి పంపాం. ఫోటోలు కూడా ఒక వారంలోపు కాగితం మీద వేయించి ఇవ్వండి. ఆ వయసు వాళ్ళకి డ్రైవ్ లింకు పంపితే అది ఎప్పటికీ తెరుచుకోదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు వాళ్ళ చేతిలో శాలువా కవరు, పూలగుచ్ఛం, మెమెంటో పెట్టె, సావనీర్లు ఉంటాయి. ఇవన్నీ కారు దాకా మోసే మనిషి ఒకరిని ముందే పెట్టుకోండి, పేరుతో సహా, ఆ నలుగురికి ఇచ్చిన కాగితంలోనే రాయండి. మేం రాయలేదు. రాత్రి పదకొండున్నరకి హోటల్ నుంచి ఫోన్ వచ్చింది, ఒకటో టేబుల్ కింద ఏదో పెట్టె ఉండిపోయిందని.